చూసినవారు, విన్నవారు

ఆసుపత్రి రికార్డుల గదిలో సగం జీవితం గడిపిన మనిషికి బంధువులు పెట్టిన పేరు ఫైలమ్మ. అందులో ముద్దు ఎంత ఉందో వెటకారమూ అంతే ఉంది. ఆమె మాత్రం ఏనాడూ నొచ్చుకోలేదు. కాగితం పోతే అందరూ తన దగ్గరికే పరిగెత్తుకొస్తారని ఆమెకు తెలుసు. ఆ కాస్త గర్వం చాలు, పేరు ఏదైతేనేం అనుకునేది.

అలాంటి మనిషి చేతికి పెదనాన్న తన నోట్సంతా అప్పగించాడు. ఆయన రైల్వేలో గార్డుగా పనిచేశాడు. బండి ఆగిన ప్రతి ఊళ్లోనూ చుట్టమో, చుట్టానికి చుట్టమో ఉండేవారు. డ్యూటీ దిగగానే వాళ్లింటికి వెళ్లి, ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎప్పుడు పుట్టారో, ఎప్పుడు పోయారో అడిగి, చేతికి ఏది దొరికితే దాని వెనక రాసుకునేవాడు. పాత కేలండర్ కాగితాలు, శుభలేఖలు, మందుల చీటీలు. ఒక తాతగారి సంతానమంతా అగ్గిపెట్టె అట్ట మీద సర్దుకుపోయి ఉన్నారు. ఆయనకు ఇప్పుడు చూపు ఆనడం లేదు. "నేనుండగానే ఇదంతా ఒక దారిలో పెట్టమ్మా" అన్నాడు. ఆమె సరేనంది. అలా సరేనన్న రోజును తర్వాత చాలాసార్లు తిట్టుకుంది.

ఆమె పద్ధతి ఆమెది. మనిషికో రికార్డు, రికార్డుకో నంబరు. అందులో పుట్టుక, తల్లి, తండ్రి, పెళ్లి, పిల్లలు, మరణం. ఒక్కో వివరం పక్కన ఆ వివరం ఎక్కడిదో రాయాలి. సర్టిఫికెట్ అయితే అది ఎక్కడిదో, ఎప్పటిదో. నోటిమాట అయితే ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో. తేదీ ఖాయంగా తెలిస్తే తేదీ వేయాలి. తెలియకపోతే సుమారు, ముందు, తర్వాత అన్న మాటల్లో ఒకటి. అదీ లేకపోతే ఖాళీ. ఊహించి నింపడం మాత్రం ఆమె దగ్గర కుదరదు.

"పెద్ద వడగళ్ల వాన పడ్డ ఏడు పుట్టాడు అని రాశావు పెదనాన్నా. ఏ ఏడది?"

"పెద్ద వాన పడిన ఏడు."

"అది కంప్యూటర్‌కు తెలియదు."

"దానికి తెలియనివి ఇంకా చాలా ఉంటాయిలే. నేనేం చెయ్యను?" అని ఆయన కళ్లజోడు తుడుచుకునేవాడు.

మొదటి నెలంతా తల పట్టుకునే పనే. లెక్క ప్రకారం ఒకాయన తన సొంత తమ్ముడి కంటే ఆలస్యంగా పుట్టాడు. ఇంకొకావిడకు పలకాబలపం పట్టుకునే వయసులో కూతురు పుట్టింది. తాతగారి పేరే పెట్టుకున్న ఇద్దరు మనవళ్లు నోట్సులో కలిసిపోయి ఒకే మనిషయ్యారు. ఆ మనిషికి ఇద్దరు భార్యలు వచ్చారు. పైగా పాపం రెండుసార్లు చనిపోయాడు. ఫైలమ్మ ఆ ఇద్దరినీ విడదీసి, ఎవరి భార్యను వాళ్లకు అప్పగించి, ఎవరి చావు వాళ్లకు పంచేసరికి ఒక ఆదివారం పట్టింది. ఆ సాయంత్రం ఆమెకు కడుపు నిండినట్టుగా అనిపించింది.

ఆధారాలకు ఆమె రంగులు పెట్టుకుంది. ఏ ఆధారమూ లేని వివరం తెలుపు. ఒక్కటే ఉంటే పసుపు. రెండో మూడో ఉండి, అన్నీ ఒకే మాట చెబితే పచ్చ. రికార్డులు పచ్చబడుతుంటే ఆమెకు ఎక్కడలేని ఉత్సాహం. పెదనాన్న రోజూ అడిగేవాడు, ఈ రోజు ఎంతమంది పచ్చబడ్డారని.

వచ్చే నెలలో పుస్తకం అచ్చువేసి కుటుంబంలో ఇంటికో ప్రతి ఇవ్వాలని అనుకున్నారు. ఆ కబురు అందరి చెవినా పడింది. ఆ వారమే చిట్టత్త వచ్చింది.

చిట్టత్త అంటే పెదనాన్నకు సొంత బాబాయి కూతురు. జీవితమంతా బట్టలు కుట్టింది. ఇప్పుడు కుట్టడం మానేసినా, ఎదుటి మనిషి భుజాలు చూడగానే కొలత చెప్పేస్తుంది. మాటలో తొందర ఉండదు. ఒక్కటే అలవాటు, వీధి చివరి కొట్టుకు వెళ్లాలన్నా ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పి వెళుతుంది. ఎక్కడికి వెళుతోందో, ఎప్పటికి వస్తుందో చెప్పనిదే గడప దాటదు. పిల్లలు ఆ మాటలను అనుకరించి నవ్వుతారు. ఆ అలవాటు ఎక్కడిదో పెద్దవాళ్లకు తెలుసు కాబట్టి వాళ్లు నవ్వరు.

ఆమె పాకే వయసులో ఉండగా తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. ఆమెను, ఆమె తల్లిని అన్నగారింటనే వదిలేసి, మళ్లీ తిరిగి చూడలేదు. కొన్నేళ్లకు తల్లి కూడా పోయింది. చిట్టత్త పెదతండ్రి ఇంట్లోనే పెరిగింది. అన్నం దగ్గర ఎవరూ తేడా చూపలేదు. కానీ బడి నుంచి కాస్త ఆలస్యంగా వస్తే, అడగకుండా పక్కింటికి వెళితే, ఏదైనా పని సగంలో వదిలేస్తే, ఒక మాట ఉండేది. తండ్రి పోలికలు ఎక్కడికి పోతాయి అని. తిట్టు కూడా కాదది. ఎవరో ఒకరు నవ్వుతూనే అనేవారు.

ఆమె వచ్చేసరికి పెదనాన్న లోపల కునుకు తీస్తున్నాడు. ఫైలమ్మ కుర్చీ లాగి వేసింది.

"మా నాన్న పేజీ ఉందా అందులో?" అని అడిగింది చిట్టత్త.

"ఉంది అత్తా."

"ఏం రాశావు?"

ఫైలమ్మ దాచలేదు, చదివింది. "కొత్త వంతెన తెరిచిన రోజు ఉదయం అన్నగారింట్లో గొడవపడి, సంచి సర్దుకుని, భార్యను, చంటిబిడ్డను వదిలి వెళ్లిపోయారు. తర్వాత ఆచూకీ లేదు." పక్కనే మూడు ఆధారాలున్నాయి. ఒకటి పెదనాన్న జ్ఞాపకం. రెండోది దూరపు ఊళ్లో ఉన్న మేనత్త, అంటే పెదనాన్న చెల్లెలు, చెప్పిన మాట. మూడోది పక్కింట్లో ఉండే టీచరుగారు ఒకప్పుడు చెప్పగా పెదనాన్న రాసుకున్న చీటీ. మూడూ ఒకే సంగతి చెప్పాయి. ఆ పేజీ పచ్చగా ఉంది.

చిట్టత్త ఆ పచ్చరంగును చూస్తూ కాసేపు కూర్చుంది.

"ఆ పేజీ తీసెయ్యలేవా?"

"మనిషిని తీసెయ్యలేను అత్తా. ఆయన లేకపోతే నీకు తండ్రి గడి ఖాళీ అవుతుంది."

"ఖాళీగానే ఉండనీ. నాకు అలవాటే." ఆమె ఏ కోపమూ లేకుండా అంది. "ఇన్నాళ్లూ అన్నారు, విన్నాను. అన్నవాళ్లు చాలామంది పోయారు కూడా. నాతో పోతుందిలే అనుకున్నాను. ఇప్పుడు అచ్చువేసి ఇంటింటికీ పంచుతారట. నా మనవరాలు కొత్తగా ఉద్యోగంలో చేరింది. ఇంట్లో చెప్పకుండా సినిమాకు వెళ్లిందనుకో, ఆ పిల్లకూ ఒక మాట సిద్ధంగా ఉంటుంది. అచ్చులో చూపించి మరీ అంటారు."

ఫైలమ్మ ఆసుపత్రిలో ఇలాంటివి చాలా చూసింది. రోగం పేరు కాగితం మీద ఉండకూడదని బతిమాలినవాళ్లు ఉన్నారు. అక్కడ ఆమెది ఒకటే జవాబు, ఉన్నది ఉన్నట్టు ఉండాలి. ఇక్కడ ఆ జవాబు ఇవ్వలేకపోయింది.

"నాకు కొంచెం టైమివ్వు అత్తా. ఇంకోసారి చూస్తాను."

"చూడు. వెళ్లొస్తాను. నేరుగా ఇంటికే. అన్నయ్య లేస్తే చెప్పు, నేను వచ్చి వెళ్లానని, నేరుగా ఇంటికే వెళ్లానని." అలా చెప్పి వెళ్లింది.

పెదనాన్న లేచాక ఆ సంగతి చెబితే ఆయన మొహం ముడుచుకుంది. "చిట్టి బాధ నాకు తెలియదా? కానీ మూడు సాక్ష్యాలున్నాయి. జాలిపడి రాయడం మొదలుపెడితే ఇది పుస్తకం కాదు, సన్మానపత్రం అవుతుంది."

ఆ మాట ఫైలమ్మ అనాల్సిన మాటే. ఆయన నోటి నుంచి వస్తే మాత్రం ఆమెకు ఒళ్లుమండింది.

మర్నాడు ఆమె ఆ రికార్డును మళ్లీ తెరిచింది. అందులో చేయని పని ఒకటే మిగిలింది. ఆధారం చెప్పినవాళ్లు కూడా మన బంధువులే అయితే వాళ్ల నంబరును ఆధారానికి కలపాలి. అది బద్ధకించి చివరికి వదిలిన పని. మేనత్త నంబరు కలిపింది. కలపగానే మేనత్త పుట్టిన తేదీ పక్కన వచ్చి నిలబడింది. ఫైలమ్మ దాన్ని వంతెన తెరిచిన ఏడుతో పోల్చి చూసింది. మేనత్త ఇంట్లో అందరికన్నా చిన్నది. చిన్నతాత, అంటే చిట్టత్త తండ్రి, వెళ్లిపోయినప్పటికి ఆమె ఇంకా పుట్టనే లేదు.

ఫైలమ్మ ఫోన్ చేసింది.

"నేనెలా చూస్తానే, పిచ్చిదానా? మా అమ్మ చెప్పింది" అంది మేనత్త.

"మరి పెదనాన్నకు ఎందుకు చెప్పావు?"

"ఆయన అడిగాడు, చెప్పాను. చూశావా అని అడగలేదు. అడిగితే చూడలేదనే అందును. నువ్వు భోజనం చేశావా, లేదా? ఆ కంప్యూటర్ ముందే కూర్చుంటే నడుము పట్టేస్తుంది."

తర్వాత టీచరుగారి చీటీ. అది ఒక పాత శుభలేఖ వెనక రాసింది. ఫైలమ్మ కావలసిన రెండు వాక్యాలే ఎక్కించి మిగతాది వదిలేసింది. ఇప్పుడు మొత్తం చదివింది. చివర్లో, పెదనాన్న చేతిరాతలోనే ఉంది, ఈ వీధిలోకి కాపురం వచ్చాక మీ అమ్మగారు చెప్పగా విన్నాను అని. టీచరుగారు ఆ వీధిలోకి వచ్చేనాటికి వంతెన మీద బస్సులు కూడా తిరుగుతున్నాయి.

రికార్డుల గదిలో కొత్తగా చేరినవాళ్లకు ఆమె మొదటిరోజు చెప్పే మాట ఒకటుంది. ఒక రిపోర్టుకు నాలుగు జిరాక్సులు తీస్తే నాలుగు రిపోర్టులు కావు అని. ఆ మాట చెప్పే మనిషే తన ఇంటి రికార్డులో జిరాక్సులను లెక్కపెట్టి పచ్చరంగు వేసింది. సిగ్గేసింది. గదిలో ఎవరూ లేనందుకు సంతోషించింది.

ఇక మిగిలింది పెదనాన్న జ్ఞాపకం. అప్పటికి ఆయనకు ఆరేడేళ్లు. సంచి సర్దుకోవడం చూసి ఉండవచ్చు. ఆయన చూశానంటే అది ఒక్కటి చాలు, రంగు పసుపైనా మాట నిలుస్తుంది. ఆమెకు అడగాలంటే భయం వేసింది. ఎందుకంటే ఆయన చూశానని అంటే చిట్టత్తకు చెప్పడానికి తన దగ్గర ఇంక ఏమీ ఉండదు.

ఆ సాయంత్రం, తన తండ్రి పుట్టినప్పటి కథలోనూ ఆ వంతెన ఉందని గుర్తొచ్చి, ఆమె ఆసుపత్రి నుంచి వస్తూ బస్సు ముందే దిగి వంతెన దగ్గరికి వెళ్లింది. ఈ చివర స్తంభానికి శిలాఫలకం ఉంది. దాని ముందు ఒకాయన గొడుగులు బాగుచేస్తూ కూర్చున్నాడు. ఆయనను కాస్త జరగమని బతిమాలి, ప్రారంభోత్సవం తేదీని ఫొటో తీసుకుంది. ఇంటికి వచ్చి తన తండ్రి జనన ధ్రువపత్రం తీసి పక్కన పెట్టింది. ఆయన పుట్టింది నదికి అవతలి పట్నంలో, పెద్దాసుపత్రిలో. వంతెన తెరిచింది ఆయన పుట్టిన మూడో రోజున.

పెదనాన్న వరండాలో కూర్చుని రేడియో వింటున్నాడు. ఆమె స్టూలు లాక్కుని దగ్గర కూర్చుంది.

"పెదనాన్నా, మా నాన్న పుట్టినప్పటి సంగతి చెప్పవా?"

ఆ కథ ఇంట్లో చిన్నపిల్లలకు కూడా నోటికి వచ్చు. అయినా అడిగితే ఆయనకు పండగే. రేడియో కట్టేశాడు.

"అమ్మకు నొప్పులు ముందే మొదలయ్యాయి. ఇక్కడి మంత్రసాని చేతులెత్తేసింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లమంది. నది దాటాలి. వంతెన పూర్తయింది కానీ ఇంకా తెరవలేదు, రెండు వైపులా కాపలా. పడవలో వెళ్లాం. అమ్మ, నాన్న, నేను. నన్ను ఇంట్లో ఉండమంటే ఉండలేదు, ఏడ్చి యాగీ చేశాను. అక్కడ ఆసుపత్రి వరండాలో పడుకునేవాళ్లం, నాన్నా నేనూ. తమ్ముడు పుట్టాక అమ్మకు జ్వరం పట్టుకుంది. అది తగ్గేదాకా అక్కడే. వెళ్లేటప్పుడు పడవలో వెళ్లాం, వచ్చేటప్పుడు వంతెన మీద వచ్చాం. నాకు అదే పెద్ద విశేషం. బడిలో అందరికీ చెప్పాను."

"వంతెన తెరిచిన రోజు నువ్వు ఎక్కడున్నావు?"

"ఆసుపత్రిలోనే. బాజాలు వినపడ్డాయి అక్కడికి. నేను వెళతానంటే నాన్న..."

ఆయన ఆగిపోయాడు. వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేసి తాళం పెట్టుకుంటున్నారు.

"మరి నాన్నమ్మ?" అంది ఆమె మెల్లిగా.

"అమ్మ మంచం మీద ఉంది. ఒళ్లు కాలిపోతూ."

"మరి సంచి సర్దుకుని వెళ్లడం నువ్వు చూశావా?"

"చూశాను." అని, కొంచెంసేపటికి మళ్లీ అన్నాడు. "చూసినట్టే ఉంది నాకు. సంచి రంగు కూడా చెప్పగలను."

"ఎలా చూస్తావు పెదనాన్నా?"

ఆమె తన ఫోన్లో శిలాఫలకం ఫొటో తీసి చూపించబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"అయితే మా అమ్మ అబద్ధం చెప్పిందంటావు."

"అలా అనలేదు. మీరు తిరిగొచ్చేసరికి ఆయన లేడు. ఎందుకు లేడో నాన్నమ్మ అనుకుంది. అనుకున్నది చెప్పింది. అందరూ విన్నారు. నేను దాన్ని మూడుసార్లు లెక్కపెట్టాను. తప్పు నాది కూడా."

"మా అమ్మ ఎవరి మీదా ఊరికే మాట అనే మనిషి కాదు" అని ఆయన లేచి లోపలికి వెళ్లిపోయాడు. నడిచేటప్పుడు గోడ పట్టుకున్నాడు. ఆమె సాయం వెళితే వద్దన్నాడు.

రెండు రోజులు ఆయన ఆమెతో మాట్లాడలేదు. బల్ల దగ్గరికి రాలేదు. ఎంతమంది పచ్చబడ్డారని అడగలేదు. ఫైలమ్మ కూడా పని ముట్టుకోలేదు. ఎనభయ్యేళ్లు దాటిన మనిషికి తల్లి మాట మీద నమ్మకం తీసేశానే అని మనసు పీకింది. పుస్తకం లేకపోతే ఏం మునిగిపోయేది అని కూడా అనుకుంది. కానీ చిట్టత్త ఆ పచ్చరంగు వైపు చూసిన చూపు ఆమెను వదల్లేదు.

మూడో రోజు పొద్దున ఆయనే వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, డ్యూటీకి వెళ్లేవాడిలా వచ్చాడు.

"గార్డుకు ఒక జర్నల్ ఉంటుంది, తెలుసా? బండి ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, అందులో రాయాలి. నేను చూస్తే చూశానని రాస్తాను. డ్రైవరు చెబితే, డ్రైవరు చెప్పగా అని రాస్తాను. ఆ ఒక్క మాట వదిలేస్తే ఉద్యోగం పోతుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏనాడూ వదల్లేదు. ఇంటి సంగతికి వచ్చేసరికి, మా అమ్మ చెబితే నేను చూసినట్టే అయిపోయింది." తెర వైపు చెయ్యి చూపించి, "రాయి" అన్నాడు.

"ఏం రాయను?"

"నేను చూసింది చెబుతాను. అది రాయి. ఆ రోజు మమ్మల్ని పడవెక్కించింది బాబాయే. ఒడ్డంతా బురద. నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని మోకాళ్ల లోతు నీళ్లలో నడిచాడు. నేను భయపడి ఆయన జుట్టు పట్టుకుని వేలాడాను. నొప్పెట్టిందేమో, ఏమీ అనలేదు. పడవలో దింపి, అమ్మకు దుప్పటి కప్పి, నాతో అన్నాడు. తమ్ముణ్ణి జాగ్రత్తగా తీసుకురా, వచ్చేటప్పుడు వంతెన మీద నేను ఎదురొస్తాను అని."

ఫైలమ్మ చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. "ఇది ఎప్పుడూ చెప్పలేదే. ఇన్నిసార్లు ఈ కథ చెప్పావు."

"వదిలేసి పోయినవాడు అంతకుముందు ఏమన్నాడో ఎవరిక్కావాలి? నేనే దాన్ని పక్కన పెట్టేశాను. వచ్చేటప్పుడు వంతెన మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వెతికాను ఆయన కోసం. రాలేదు. నాకు కోపం వచ్చింది. చిన్నపిల్లాడి కోపం. ఇంటికి వచ్చాక అమ్మ ఆ మాట అనగానే నమ్మేశాను."

"మరి ఇంట్లో ఉన్నది చిట్టత్త వాళ్లమ్మ కదా. ఆవిడేమంది?"

"పిన్ని ఏడ్చేది. ఎవరైనా అడిగారో లేదో తెలియదు. నేనైతే అడగలేదు." ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఏమైందో తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే. ఆవిడ మాట ఒక్కటి కూడా నా చీటీల్లో లేదు. అగ్గిపెట్టెల మీద కూడా రాసుకున్నాను కానీ, అది మాత్రం లేదు."

వాళ్లిద్దరూ కలిసి ఆ రికార్డును మొదటి నుంచి రాశారు. ఒక్కో వాక్యం దగ్గర ఆయన ఆపి, ఇది నేను చూసిందా విన్నదా అని తనను తానే అడిగాడు. మధ్యాహ్నానికి పచ్చరంగు మొత్తం పోయింది. నాన్నమ్మ మాటను తుడిచేయలేదు. దాన్ని కిందకు దించి, అది ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో పక్కన రాశారు. ఆ సమయంలో ఆవిడ అవతలి పట్నం ఆసుపత్రిలో ఉన్నట్టు జనన ధ్రువపత్రాన్ని, పెదనాన్న మాటను ఆధారాలుగా చూపారు. ఆవిడ మీద ఇంకొక్క మాట కూడా వేయలేదు.

చిట్టత్తను పిలిపించారు. చిట్టత్త చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తీసేశామని చెబుతారని వచ్చిందో, తీయలేమని చెబుతారని వచ్చిందో, మొహం చూస్తే తెలియలేదు. పెదనాన్నే చదువుతానన్నాడు. చూపు ఆనకపోయినా ఆ కొన్ని వాక్యాలు ఆయనకు అప్పటికే కంఠతా వచ్చాయి.

"చివరిసారి చూసినది: కొత్త వంతెన తెరవడానికి కొద్ది రోజుల ముందు, పడవల రేవులో. వదినను, అన్నను, అన్నకొడుకును పడవెక్కించారు. తిరిగి వచ్చేటప్పుడు వంతెన మీద ఎదురొస్తానని అన్నకొడుకుతో అన్నారు. చూసినవారు, విన్నవారు: అన్నకొడుకు. ఇంట్లో లేకుండా పోయిన తేదీ: ఆ తర్వాత, వాళ్లు తిరిగి రాకముందు. కారణం: తెలియదు. చూసినవారు: ఎవరూ లేరు. మరణం: తెలియదు. గొడవపడి వెళ్లారన్న మాట కుటుంబంలో ఉంది. అది వదినగారి నుంచి వచ్చింది. ఆ రోజుల్లో ఆవిడ ఊళ్లో లేరు."

చదివి ఆయన తల ఎత్తలేదు. "చిట్టీ, నేను తప్పు చేశానమ్మా. నేను చూడనిదాన్ని చూశానని చెప్పాను. నువ్వు బడి నుంచి ఆలస్యంగా వస్తే ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నాను."

చిట్టత్త ధ్యాస వేరే ఎక్కడో ఉంది.

"ఎదురొస్తానన్నాడా?"

"అన్నాడు. నా చెవులతో విన్నాను."

"నీతో అన్నాడా?"

"నాతోనే."

ఆమె సంచీ జిప్పును తెరిచి మూసింది. మళ్లీ తెరిచింది. ఇంతకాలం ఎవరి ముందూ కంటతడి పెట్టని మనిషి, ఇప్పుడూ పెట్టలేదు.

"అయితే అన్నయ్యా, మా నాన్న మీకు ఎదురొద్దామనే ఇంట్లోంచి బయల్దేరి ఉండొచ్చు కదా?"

పెదనాన్న ఫైలమ్మ వైపు చూశాడు. ఆమె కాదనలేదు. కాదనడానికి ఏ ఆధారమూ లేదు.

"ఉండొచ్చమ్మా" అన్నాడు ఆయన.

"వదిలేసి వెళ్లి కూడా ఉండొచ్చు."

"ఉండొచ్చు. మాకు తెలియదు."

"తెలియదు" అని చిట్టత్త ఆ మాటను తనలో తాను మళ్లీ అనుకుంది. ఇంట్లో అందరికీ ఆమె తండ్రి గురించి ఎప్పుడూ అంతా తెలుసు. తెలియదని ఒక్కరైనా అనడం ఆమె వినడం ఇదే మొదటిసారి. ఆమె కుర్చీలో వెనక్కి ఆనుకుంది. ఆ మనిషి కుర్చీలో ఆనుకుని కూర్చోవడం ఫైలమ్మ ఎన్నడూ చూడలేదు.

కాసేపటికి చిట్టత్త బల్ల మీదకు వంగి, తెర మీద తన సొంత రికార్డు చూపించమంది. తండ్రి అన్న గడిలో ఆయన పేరు ఉంది. దాని మీద వేలు పెట్టింది.

"ఇది అచ్చులో ఎంత పెద్దగా వస్తుంది?"

"అందరి పేర్లూ ఎంత ఉంటాయో అంతే అత్తా. మా తాత పేరుకూ, ఆయన పేరుకూ ఒకటే సైజు."

"అయితే అలాగే వెయ్యి. పెద్దదేమీ వద్దు" అంది చిట్టత్త. "అందరిదీ ఎంతో అంతే వెయ్యి."